సొంతంగా రాశారా, రాయించారా?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హింగమ్ అనే ఊరుంది. 2023 డిసెంబరులో అక్కడి హైస్కూల్లో పదకొండో తరగతి చదువుతున్న ఇద్దరు విద్యార్థులు కలిసి చరిత్ర ప్రాజెక్టు మొదలుపెట్టారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ గురించి ఒక డాక్యుమెంటరీ, దానికి ముందుగా నోట్స్, స్క్రిప్టు రాయాలి. వాళ్లు ఇచ్చిన స్క్రిప్టులో కొంత భాగం యంత్రం రాసినట్టుందని టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ చూపించింది.

టీచరు ఆ ఒక్క ఆధారంతో సరిపెట్టుకోలేదు. పిల్లలు రాసిన డాక్యుమెంట్ ఎప్పుడెప్పుడు ఎలా మారిందో చూపించే చరిత్రను తెరిచి చూశారు. మిగతా పిల్లలు ఏడు నుంచి తొమ్మిది గంటలు కూర్చుని రాసిన పనికి ఈ డాక్యుమెంట్‌లో గడిపింది 52 నిమిషాలు. స్క్రిప్టులో పెద్ద పెద్ద ముక్కలు ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టు కనిపించాయి. ఆధారాలుగా చూపిన పుస్తకాల్లో కొన్ని ఎవరూ రాసినవి కావు, అసలు అలాంటి పుస్తకాలే లేవు. ఆ పేర్లను ఏఐ పుట్టించింది.

నోట్స్‌కూ స్క్రిప్టుకూ సున్నా మార్కులు పడ్డాయి. ఒక శనివారం బడిలో కూర్చోబెట్టారు. ప్రాజెక్టును ఎవరికి వారు మళ్లీ మొదటినుంచి చేసుకోమన్నారు. దీనిమీద ఒక విద్యార్థి తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. బడి నియమావళి పుస్తకంలో ఏఐ అన్న మాటే లేదు, లేని నిబంధనకు శిక్ష ఎలా వేస్తారన్నది వారి ప్రధాన వాదన. మార్కులు మార్చమంటూ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి 2024 నవంబరులో కోర్టు నిరాకరించింది. అది తుది తీర్పు కాదు. కానీ బడి ఏం చేసిందో, ఎందుకు నిలబడగలిగిందో ఆ ఉత్తర్వులో వివరంగా ఉంది. ఏఐ గురించి ఒక నియమం రాసుకోవాలనుకునే ప్రతి ప్రధానోపాధ్యాయుడూ చదవదగ్గ పత్రమది.

పుస్తకంలో ఆ మాట లేకపోయినా, అనుమతి లేకుండా టెక్నాలజీ వాడటం, ఇంకొకరి రాతను సొంత రాతగా చూపడం తప్పని ఉంది. పైగా ఆ ఏడాది మొదట్లోనే ఇంగ్లిష్ క్లాసులో ఏఐ నిబంధనలను కాగితం మీద రాసి ఇచ్చారు. టీచరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వాడకూడదు. ఒప్పుకున్నప్పుడు కూడా ఏ పరికరం వాడారో, ఎందుకు వాడారో రాసి, దానితో జరిగిన సంభాషణ మొత్తాన్ని చివర జతపరచాలి. ఈ చరిత్ర ప్రాజెక్టులో ఏఐ సాయంతో అంశాలు ఆలోచించుకోవడానికీ, ఆధారాలు వెతుక్కోవడానికీ అనుమతి ఉంది. అది ఇచ్చిన వాక్యాలను తెచ్చి పెట్టుకోవడానికి లేదు. గీత ఎక్కడుందో పిల్లలకు ముందే తెలుసని కోర్టు నమ్మింది.

గీతను ఎక్కడ గీయాలన్నదే అసలు కష్టం. బడి మొత్తానికీ ఒకే నియమం పెడితే అది నిలవదు, ఎందుకంటే ఏ సాయం తప్పో చెప్పేది ఆ హోంవర్క్ దేన్ని పరీక్షిస్తోందన్నదే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడు తన ఆలోచనను తెలుగులో రాసుకుని, ఏఐతో ఇంగ్లిష్ చేయించాడనుకోండి. ఇంగ్లిష్ కాంపోజిషన్‌లో అది పరీక్షను ఇంకొకరితో రాయించడమే, అక్కడ చూడవలసిందే అతని ఇంగ్లిష్. అదే పిల్లవాడు సోషల్ ప్రాజెక్టులో భూగర్భజలాల గురించి తాను సేకరించిన వివరాలను అలా మార్పించుకుని, ఆ సంగతి చెబితే, నా దృష్టిలో తప్పు లేదు. అందుకే ప్రతి హోంవర్క్ కిందా టీచరు రెండు వాక్యాలు రాయాలి: దీనికి ఏ సాయం తీసుకోవచ్చు, ఏది తీసుకోకూడదు. అది రాయని రోజున తప్పు పిల్లలమీదికి నెట్టడం న్యాయం కాదు.

ఇక చెప్పడం. బ్రిటన్‌లో పెద్ద పరీక్షా బోర్డుల ఉమ్మడి సంస్థ జేసీక్యూ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. ఏఐ పేరు, దాన్ని వాడిన తేదీ రాయాలి. అడిగిన ప్రశ్ననూ వచ్చిన జవాబునూ ఎవరూ మార్చలేని రూపంలో, అంటే స్క్రీన్‌షాట్ లాంటిది, దాచి ఉంచాలి. ఎలా వాడుకున్నారో క్లుప్తంగా వివరించాలి. మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఊరి చెరువు మీద ప్రాజెక్టు రాస్తే ఆ వివరణ ఇలా ఉండొచ్చు: ‘ఆగస్టు 12న చాట్‌జీపీటీ వాడాను. చెరువు గురించి పెద్దవాళ్లను అడగడానికి ప్రశ్నలు ఇమ్మన్నాను. పదింటిలో ఆరు తీసుకున్నాను, తూము గురించిన రెండు ప్రశ్నలు నేను కలిపాను. చెరువు తవ్వించిన సంవత్సరం అది చెప్పింది గానీ, ఊళ్లో ఎవరూ నిర్ధారించలేదు కాబట్టి రాయలేదు. వ్యాసంలోని వాక్యాలు నావే.’ ఐదారు వాక్యాలు చాలు. అందులో మూడో, నాలుగో వాక్యాల్లో ఆ అమ్మాయి ఆలోచన కనిపిస్తోంది. అది ‘ఏఐ సాయం తీసుకున్నాను’ అన్న ఒక్క ముక్కలో కనబడదు. ఇలా చెప్పినందుకు మార్కు కోస్తే మాత్రం తర్వాతి ప్రాజెక్టులో ఎవరూ నోరు విప్పరు.

పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తానే అలాంటి ఒక పరికరాన్ని విడుదల చేసింది. వాళ్ల పరీక్షల్లోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకోగలిగింది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతలంది. కచ్చితత్వం చాలదని జులైలో దాన్ని తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు టోఫెల్ వ్యాసాలు 91 ఇచ్చి చూశారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు స్వయంగా రాసిన వ్యాసాలవి. సగటున 61 శాతాన్ని అవి ఏఐ ఖాతాలో వేశాయి. ఇలాంటి సాధనాలు తర్వాతి మాట ఎంత తేలిగ్గా ఊహించగలమో లెక్కగడతాయి. తెలిసిన కొద్ది మాటలతో జాగ్రత్తగా రాసేవారి వాక్యాలు సహజంగానే ఊహకు అందుతాయి. విదేశాల్లో చదువుతున్న మన పిల్లలకు ఇది నేరుగా తగిలే దెబ్బ. ఆ ఒక్క శాతం చూసి ఒక పిల్లవాణ్ణి దొంగ అనడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. హింగమ్ టీచరు దాన్ని అనుమానంగానే తీసుకుని, వేరే రుజువులు వెతికారు.

ఆ రుజువులు మన బడుల్లో అంత సులువుగా దొరకవు. ఇక్కడ ప్రాజెక్టులు ఎక్కువగా చేత్తోనే రాస్తారు. ఫోన్‌లో వచ్చిన జవాబును దస్తూరీతో తిరగరాస్తే ఏ కంప్యూటర్ చరిత్రా ఉండదు. అందుకని చిత్తుకాగితాలు, ఎవరిని ఏమడిగారో రాసుకున్న నోట్సు కూడా ఫెయిర్ కాపీతో పాటే తీసుకోవాలి. చూపిన ఆధారాల్లో రెండింటిని లైబ్రరీలోనో నెట్‌లోనో ఉన్నాయేమో చూడాలి. అనుమానం వస్తే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఈ పేరా ఎందుకు ముందు పెట్టావు, ఈ మాటకు అర్థమేమిటి, ఈ లెక్క ఎవరు చెప్పారు అని అడగాలి. భయంతో తడబడే పిల్లలూ ఉంటారు కాబట్టి, తెలిసిన టీచరే అడగాలి. అవసరమైతే ఆ పేరానే ఎదురుగా మళ్లీ రాయమనాలి. క్లాసులో అరవైమంది ఉన్నప్పుడు అందరితో ఇలా కుదరదు. ఏడాదికి రెండు మూడు ప్రాజెక్టులే ఇచ్చి, మిగతా రాతపనిని పీరియడ్‌లోనే రాయిస్తే అందుకు వీలు దొరుకుతుంది.