గల్లాపెట్టె లెక్క వేరు, లాభం లెక్క వేరు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్లకూడదు. నెల్లూరు జిల్లా మైపాడు, జువ్వలదిన్నె లాంటి తీర గ్రామాల్లో అప్పుడు డబ్బు ఆడదు. అక్కడి ఓ చిల్లర కొట్టు లెక్క ఇలా ఉందనుకుందాం.

మే నెల అమ్మకం 1,20,000 రూపాయలు. అందులో 50,000 చేతికొచ్చింది, 70,000 అరువు. అమ్మిన సరుకు కొన్నది లక్షకు, అదీ రొక్కం ఇచ్చి. అద్దె, కరెంటు కలిపి 6,000.

అపోహ 1: గల్లాపెట్టెలో పడిందే ఆ నెల ఆదాయం.

వాస్తవం: అది నగదు పద్ధతి. డబ్బు వచ్చిన రోజు ఆదాయం, ఇచ్చిన రోజు ఖర్చు. దాని ప్రకారం మేలో 56,000 నష్టం. అక్రూవల్ పద్ధతిలో సరుకు అమ్మిన రోజే ఆదాయం, అరువైనా సరే. 1,20,000లో సరుకు ఖరీదు, ఖర్చులు తీసేస్తే 14,000 లాభం.

జూలైలో వేట సాగి 65,000 పాత బాకీ వసూలైంది. ఆ నెల అమ్మకం 90,000, అంతా రొక్కమే. సరుకుకు 75,000, అద్దె, కరెంటుకు 6,000 ఇచ్చారు. నగదు పద్ధతిలో మిగులు 74,000. అక్రూవల్‌లో లాభం 9,000 మాత్రమే, ఎందుకంటే పాత బాకీని మేలోనే ఆదాయంగా రాసేశాం. నగదు లెక్క చూసి జూలైలో వ్యాపారం పుంజుకుందనుకుంటే పొరపాటు. నిజానికి మే నెలే మెరుగు.

అపోహ 2: లాభం రాశామంటే డబ్బు ఉన్నట్టే.

వాస్తవం: మేలో లాభం 14,000 ఉన్నా, చేతినుంచి 56,000 ఎక్కువ పోయింది. ఆ లాభాన్ని నమ్ముకుని మళ్లీ సరుకు తెప్పిస్తే, హోల్‌సేల్ వర్తకుడికి కట్టడానికి డబ్బుండదు. అందుకే అక్రూవల్ లెక్క రాసేవాళ్లు కూడా రోజువారీ నగదు పుస్తకం విడిగా పెట్టుకోవాలి.

అపోహ 3: అరువు వసూలు కాకపోతే అక్రూవల్ లెక్క అబద్ధం.

వాస్తవం: జూలై తర్వాత మిగిలిన 5,000 ఇక రాదని తేలితే, దాన్ని రాని బాకీగా ఖర్చులో రాస్తారు. లాభం ఆ మేరకు తగ్గుతుంది. ఎవరి బాకీ ఎన్ని నెలలుగా నిలిచిందో వరుసగా రాసుకుంటే ఇది ముందే తెలుస్తుంది.

అపోహ 4: డబ్బు వచ్చాకే జీఎస్టీ కట్టాలి.

వాస్తవం: మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కొట్టు మేలో అరువుకు అమ్మిన సరుకు పన్నును ఆ నెల లెక్కలోనే చూపాలి. కొన్నవారు జూలైలో ఇచ్చినా గడువు ఆగదు. ఆదాయపు పన్నుకు మాత్రం చిన్న వ్యాపారి రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఎంచుకున్నదాన్నే ఏటా పాటించాలి.