మ్యాన్‌హోల్ లోతు ఎక్కడి నుంచి ఎక్కడికి?

వీధి డ్రైనేజీ పనిలో కాంట్రాక్టరుకూ మేస్త్రీకీ తరచూ తగవు వచ్చేది లోతు దగ్గరే. "మీటరున్నర లోతు మ్యాన్‌హోల్" అని కాగితం మీద ఉంటే మీటరున్నర గుంత తవ్వితే సరిపోదు. ఆ లోతును మూత పైభాగం నుంచి, లోపల మురుగు పారే కాలువ అడుగు దాకా కొలుస్తారు. ఆ కాలువ కింద ఇంకా కాంక్రీటు ఉంటుంది.

లోపలి కొలత 120 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు ఉన్న చాంబరునే తీసుకుందాం. అడుగున 30 సెంటీమీటర్ల బెడ్ కాంక్రీటు, దానిపై కాలువ కింద మరో 10 సెంటీమీటర్లు అనుకుంటే గుంత 1.9 మీటర్లు దిగాలి. బెడ్‌కు 1:4:8 పాళ్లలో 40 ఎంఎం కంకర వాడతారు. గోడ బయటి అంచు దాటి నాలుగు వైపులా 10 సెంటీమీటర్లు బెడ్ వేస్తే, సుమారు 0.87 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది.

గోడ 23 సెంటీమీటర్లది, 1:4 సిమెంటు ఇసుకతో. పై స్లాబు 15 సెంటీమీటర్లు, మూత దాంతో సమంగా ఉంటుందనుకుంటే గోడ ఎత్తు 1.45 మీటర్లు. గోడ నడిమధ్య చుట్టుకొలత 5.12 మీటర్లు. మూడూ గుణిస్తే 1.7 ఘనపు మీటర్లు, అంటే సుమారు 850 ఇటుకలు. పైపు రంధ్రాలకు కొంచెం తగ్గుతుంది గానీ విరిగినవాటితో సరిపోతుంది. ఖర్చు తగ్గించాలని సగం ఇటుక గోడ కడితే, వానాకాలం మట్టి ఒత్తిడికి అది లోపలికి ఉబ్బుతుంది.

లోపల 12 ఎంఎం ప్లాస్టరింగు 1:3తో చేసి, పైన ఒట్టి సిమెంటు పూత రుద్దాలి. భూగర్భజలం పైకి వచ్చే చోట బయటా ప్లాస్టరింగు కావాలి. చాలామంది దీన్నే ఎగ్గొడతారు, మట్టి కప్పేశాక ఎవరికీ కనపడదు కదా!

నా లెక్కలో అసలు పనితనమంతా అడుగునే ఉంది. కాలువను సగం పైపు ఆకారంలో మలిచి, పక్కలను పైపు పైఅంచు దాకా నిలువుగా లేపాలి. అక్కడి నుంచి గోడ వరకు పదికి ఒకటి చొప్పున కాలువ వైపు వాలు ఇవ్వాలి. చదునుగా వదిలేస్తే పొంగినప్పుడు వచ్చిన మలినం అక్కడే కూర్చుంటుంది. మూత తీసినప్పుడు ఆ వాలు మీద ఎండిన పెళ్లలు కనిపిస్తే తప్పు అక్కడుందన్నమాట.

ఇక మూత. లైట్ డ్యూటీది 2.5 టన్నులకు, మీడియం 10, హెవీ 20 టన్నులకు పరీక్షించినది. మనుషులు నడిచే చోటికి మొదటిది చాలు. నీళ్ల ట్యాంకరు తిరిగే సందులో మాత్రం దాన్ని ఒప్పుకోకండి. గోడ చుట్టూ మట్టి పూడ్చకముందే పైపులు మూసి చాంబరు నిండా నీళ్లు నింపించి, బయటి గోడ చెమ్మగిల్లుతుందేమో చూశాకే బిల్లు ఇవ్వండి.