బ్యాటరీకి చిలుం పడితే

బానెట్ ఎత్తితే బ్యాటరీ టెర్మినల్ చుట్టూ పొరలు పొరలుగా తెల్లటి గుల్ల కనిపిస్తుంది. ఎర్ర కేబుల్ ఉన్న ప్లస్ వైపు ఇది ఎక్కువ. మెకానిక్కులు ‘చిలుం పట్టింది’ అంటారు. చాలామంది దాన్ని దుమ్ము కింద లెక్కేసి బానెట్ దించేస్తారు. ఒకరోజు పొద్దున్నే కారు మొరాయిస్తుంది.

అప్పుడు జరిగేది చిత్రంగా ఉంటుంది. హారన్ గట్టిగానే మోగుతుంది, లైట్లు బాగానే వెలుగుతాయి. తాళం తిప్పితే మాత్రం ‘టక్’మనే చప్పుడు తప్ప సెల్ఫ్ తిరగదు. బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 వోల్టులు, అంటే నిండా చార్జ్ ఉన్నట్టే. క్లాంపుకీ టెర్మినల్‌కీ మధ్య చేరిన చిలుం కరెంటుకి అడ్డుపడుతోంది. ఆ అడ్డు 0.02 ఓమ్ అనుకుందాం. హారన్ తీసుకునేది 5 ఆంపియర్లయితే అక్కడ పోయేది 0.1 వోల్టు, ఎవరికీ తెలియదు. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగబోతే అదే చోట 3 వోల్టులు హరించుకుపోతాయి. ఇక మోటారు ఏం తిరుగుతుంది? ఈ దశలో కొత్త బ్యాటరీ కొనేవాళ్లూ ఉన్నారు. కొత్తది బిగించేటప్పుడు క్లాంపులు ఎలాగూ గీకుతారు కాబట్టి కారు స్టార్టవుతుంది, పాతదే చెడిపోయిందని నమ్మకం కుదురుతుంది.

తేల్చుకోవడానికి మల్టీమీటర్ చాలు. ఒక పుల్లను టెర్మినల్ సీసం మీద, రెండోదాన్ని దాన్ని పట్టి ఉన్న క్లాంపు మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. రీడింగు దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు దాటిందంటే దొంగ అక్కడే దొరికినట్టు.

ఈ చిలుం లోపలి సల్ఫ్యూరిక్ యాసిడ్ నుంచి పుడుతుంది. చార్జింగ్ సమయంలో, ముఖ్యంగా అతిగా చార్జ్ అయినప్పుడు, బ్యాటరీలో హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. అవి గాలి రంధ్రాల గుండా బయటికొస్తూ యాసిడ్ తుంపరను మోసుకొస్తాయి. టెర్మినల్ మొదట్లో సీలు వదులైతే అక్కడి నుంచీ యాసిడ్ చెమ్మ పాకుతుంది. అది సీసాన్ని తాకితే తెల్లటి లెడ్ సల్ఫేట్, రాగిని తాకితే నీలి ఆకుపచ్చ కాపర్ సల్ఫేట్ తయారవుతాయి.

కాబట్టి ఆ పొడిని వేళ్లతో దులపకూడదు, ఎండుగా గీకకూడదు, నోటితో ఊదకూడదు. అందులో విషపూరితమైన సీసం ఉంది, చర్మాన్ని కాల్చే యాసిడూ ఉంది. రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. హైడ్రోజన్ మండే వాయువు గనక దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు.

ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, ముందు మైనస్ క్లాంపు విప్పాలి. ఈ వరుస తప్పితే ప్రమాదం: కారు బాడీ మొత్తం మైనస్‌కే కలిపి ఉంటుంది. ప్లస్ ముందు విప్పుతుంటే పానా రెండో కొస బాడీకి తగిలి నిప్పురవ్వలు ఎగురుతాయి. మైనస్ తీసేశాక ఆ భయం ఉండదు.

గ్లాసు నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో కొద్దికొద్దిగా అద్దాలి. బుసబుసమని నురగ వస్తే సోడా యాసిడ్‌ను విరిచేస్తున్నట్టు. నురగ ఆగేదాకా అద్దాలి. సెల్ మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి దిగితే అక్కడ పనిచేయాల్సిన యాసిడ్ కూడా విరిగిపోతుంది. కొందరు కూల్‌డ్రింకు పోస్తారు. దానిలోని ఆమ్లం చిలుంను కరిగిస్తుంది గానీ చక్కెర జిగట మిగులుతుంది. తర్వాత మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. సీసం మెరిసేలా వైర్ బ్రష్ తిప్పి, ముందు ప్లస్, చివర మైనస్ బిగించాలి. బిగించిన తర్వాతే పైన పలుచగా వాసెలిన్ పూయాలి. దానివల్ల తుంపర లోహాన్ని తాకదు. మైనస్ క్లాంపుకి సెన్సర్ ఉన్న కొత్త కార్లలో మాత్రం ఈ పని వర్క్‌షాపుకి వదిలేయడం మేలు.

వాసెలిన్ పూసినా కొన్ని వారాల్లోనే చిలుం తిరిగొస్తే యాసిడ్ ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే మొదటి అనుమానం నీళ్ల మీదే. ఎండాకాలంలో డిస్టిల్డ్ వాటర్ మూతి దాకా నింపేస్తుంటారు. చార్జింగ్‌కి లోపలి ద్రవం ఉబ్బి, పొంగి బయటికొస్తుంది. పై గీత దాటకుండా పోస్తే చాలు. నీళ్లు సరిగ్గానే ఉంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజీ చూడాలి. సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉంటుంది. 15 దాటి అక్కడే ఉండిపోతే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చెడినట్టే. ఎన్నిసార్లు కడిగినా అది బాగయ్యేదాకా చిలుం ఆగదు. ఈ రెండూ బాగుండి, ఎప్పుడూ ఒక్క టెర్మినల్ మొదట్లోనే చెమ్మ కనిపిస్తుంటే సీలు పోయింది. క్లాంపును సుత్తితో దిగ్గొట్టడం, బ్యాటరీ పట్టీ వదులై కుదుపులకు ఊగిపోవడం దీనికి మామూలు కారణాలు. సీలు పోయినదాన్ని మార్చేయడమే మంచిది, కొత్తదాని పట్టీ కదలకుండా బిగించాలి.