శనగపిండి ప్యాక్‌తో వచ్చే కళ ఎంత?

నలుగు పెట్టి స్నానం చేయించాక, పెళ్ళికూతురి ముఖంలో కళ వచ్చిందని అత్తలూ పిన్నులూ మురిసిపోతారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ కళకు కారణం చాలామంది అనుకునే పసుపు మాత్రం కాదు.

చర్మం పైన ఎండిన మృతకణాలూ జిడ్డూ పేరుకుంటే ఉపరితలం గరుకుగా మారుతుంది. పడిన వెలుతురు చెదిరిపోయి ముఖం పాలిపోయినట్టు ఉంటుంది. శనగపిండి ఆ జిడ్డును పీల్చుకుంటుంది. కడిగేటప్పుడు దాని సన్నని రేణువులు వదులైన మృతకణాలను తీసుకుపోతాయి. పెరుగులోని తడి పైపొరను నానబెట్టి నునుపు చేస్తుంది. మెరుపంతా ఇదే, అందుకే మళ్ళీ జిడ్డు పట్టేదాకానే నిలుస్తుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది లోపలి పొరలో. పిండి అక్కడిదాకా వెళ్ళదు కనుక నలుపు తెలుపు కాదు.

పెరుగులో లాక్టిక్ యాసిడ్ ఉన్న మాట నిజమే. చర్మవైద్యులు పీలింగ్‌కు వాడేదీ ఆ యాసిడ్‌నే, కానీ ఎన్నో రెట్లు గాఢంగా వాడతారు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో అది దాదాపు ఒక్క శాతమే. పని ఎక్కువ చేస్తుందని బాగా పులిసిన పెరుగు పూస్తే చురుకుమనడమే మిగులుతుంది.

ఇక పసుపు. అందులోని కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు, చర్మంలోకి ఇంకేది కూడా తక్కువే. పూసుకున్నాక కనిపించే పచ్చని ఛాయ చాలావరకు మరక మాత్రమే. అందుకే చిటికెడు చాలు. వంటింటి పసుపునే వాడేవాళ్ళు ముందు ఒక గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుక్కు దిగి నీళ్ళు లేత పసుపురంగులో ఉంటాయి. నీళ్ళు చిక్కటి పసుపుగా మారితే రంగు కలిపారని అనుమానించాలి.

రెండు చెంచాల మెత్తటి శనగపిండిలో చిటికెడు పసుపు, జారకుండా నిలిచేంత తాజా పెరుగు కలిపితే ఒక ముఖానికి సరిపోతుంది. పది నిమిషాలు ఉంచితే చాలు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: పగుళ్ళిచ్చేదాకా ఆరనిచ్చి, ఎండిన పిండిని గట్టిగా రుద్దుతారు. చర్మం లాగినట్టు అనిపిస్తే బిగువు వచ్చిందని సంబరపడతారు గానీ, అప్పటికే తేమ పోతోందన్నమాట. అంచులు ఆరడం మొదలవగానే చేతులు తడిపి, పిండిని నానబెట్టి కడిగేయాలి. వెంటనే మాయిశ్చరైజర్ రాసుకోవాలి.

పొడి చర్మం వాళ్ళకు వారానికి ఒకసారే ఎక్కువ. గిల్లుకున్న మొటిమల మీద అసలు పూయకూడదు. మన చామనఛాయ చర్మాల మీద రాపిడి, మంట తగ్గాక నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు. నిమ్మరసం, వంటసోడా కలపకపోవడమే మంచిది.

ముహూర్తానికి ముందురోజు తొలిసారి ప్రయత్నించొద్దు. వారం ముందే మోచేతి లోపలివైపు కొంచెం రాసి, రెండు రోజులు చూడండి. దురద, ఎర్రదనం వస్తే ఆ పిండి మీ ముఖానికి పనికిరాదు.