కాల్ ఎత్తగానే నెట్ ఎందుకు ఆగుతుంది?

మొబైల్ రీచార్జ్ షాపుల్లో తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. "బ్యాంకు ఓటీపీ రావట్లేదు బాబూ. మెసేజీలకి రెండో సిమ్ పెట్టి చూశాను, అయినా రాలేదు." ఆ పెద్దాయన సెట్టింగ్స్ తెరిచి సరైన చోటికే వెళ్లాడు, సిమ్ కూడా మార్చాడు. కానీ ఆయన మార్చింది పంపే మెసేజీలకు సంబంధించిన సెట్టింగు. వచ్చే మెసేజీతో దానికి పనే లేదు.

బ్యాంకు దగ్గర ఏ నంబరు రాసి ఉంటే ఓటీపీ ఆ నంబరుకే బయల్దేరుతుంది, ఆ సిమ్ ఉన్న స్లాటులోనే దిగుతుంది. కాల్స్ సంగతీ అంతే. అవతలివాళ్లు ఏ నంబరు నొక్కితే ఆ సిమ్మే మోగుతుంది. ఫోన్ యజమాని చేతిలో ఉన్నది ఇక్కడి నుంచి బయటికి వెళ్లే కాల్ ఏ సిమ్‌దో, వెళ్లే ఎస్సెమ్మెస్ ఏ సిమ్‌దో చెప్పడం మాత్రమే. నెట్ ఒక్కటే ఈ లెక్కకు రాదు. రాకపోకలు రెండూ ఎంచుకున్న సిమ్ మీదే నడుస్తాయి.

ఈ మూడింటినీ ఆండ్రాయిడ్ ఫోన్లు విడివిడిగానే అడుగుతాయి. సామ్‌సంగ్‌లో Settings తెరిచి Connections, అందులో SIM manager లోకి వెళితే Calls, Messages, Mobile data అని మూడు వరసలు కనిపిస్తాయి. మిగతా కంపెనీల ఫోన్లలో మెనూ పేరు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. Settings పైభాగంలోని వెతికే పెట్టెలో SIM అని టైప్ చేస్తే ఏ ఫోనైనా ఆ చోటు చూపించేస్తుంది. ఐఫోన్ పద్ధతి కొంచెం వేరు. నెట్‌కూ కాల్స్‌కూ చెరో సిమ్ ఎంచుకోనిస్తుంది గానీ, ఎవరితో ఇంతకుముందు ఏ నంబరు నుంచి మాట్లాడారో గుర్తుపెట్టుకుని మళ్లీ అదే వాడుతుంది.

మూడూ వేర్వేరు నిర్ణయాలు కావడంతో చాలామంది కాల్స్ ఒకదానికి, నెట్ ఇంకోదానికి పంచేస్తారు. పాత నంబరు అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి అది కాల్స్‌కి, చవకగా ఎక్కువ డేటా ఇచ్చే కొత్త సిమ్ నెట్‌కి. లెక్క బాగానే ఉంది. చిక్కు ఎక్కడొస్తుందో చూడాలంటే హైదరాబాద్‌లో బండి మీద తిరిగే ఒక డెలివరీ కుర్రాణ్ని ఊహించుకుందాం.

అతని సిమ్ 1 ఊళ్లో ఉన్నప్పటి నుంచీ ఉన్న నంబరు. డెలివరీ యాప్‌లో ఇచ్చింది కూడా అదే. సిమ్ 2 రోజువారీ డేటా ప్యాక్ వేయించుకున్నది. కాల్స్‌కి సిమ్ 1, నెట్‌కి సిమ్ 2 పెట్టుకున్నాడు. అపార్టుమెంట్ల సందులోకి తిరిగేసరికి కస్టమర్ నుంచి ఫోన్ వచ్చింది. "ఎడమ వైపు రెండో గేటు" అని ఆమె చెబుతుండగానే మ్యాపు మీద నీలి చుక్క చుట్టూ రోడ్లు రావడం ఆగిపోయింది. ఆర్డర్ స్క్రీన్ గుండ్రంగా తిరుగుతోంది. కాల్ పెట్టేసిన కొన్ని క్షణాలకు అన్నీ మళ్లీ కదిలాయి. సిగ్నల్ లేదనుకుని అతను సిమ్ కంపెనీని తిట్టుకుంటాడు. కానీ అక్కడ రెండు సిమ్‌లకూ గీతలు నిండుగానే ఉన్నాయి.

అసలు కారణం ఫోన్ లోపల ఉంది. మన చేతుల్లో ఉన్న రెండు సిమ్‌ల ఫోన్లలో ఎక్కువ భాగం డ్యుయల్ సిమ్ డ్యుయల్ స్టాండ్‌బై పద్ధతివి. అంటే రెండు సిమ్‌లూ టవర్ దగ్గర హాజరు వేయించుకుని ఉంటాయి, ఎవరైనా పిలుస్తున్నారా అని ఫోన్ వంతులవారీగా రెండు వైపులా వింటూ ఉంటుంది. అయితే టవర్‌తో మాట్లాడే రేడియో భాగాన్ని రెండు సిమ్‌లూ పంచుకోవాలి. రెండు గుమ్మాలకు ఒకే కాపలాదారు ఉన్నట్టన్నమాట. ఒక సిమ్ మీద కాల్ మొదలవగానే రేడియో మొత్తం అటే వెళ్లిపోతుంది, రెండో సిమ్ కాల్ ముగిసేదాకా మూగబోతుంది. నెట్ ఆ రెండో సిమ్ మీద ఉంటే అదీ ఆగుతుంది.

ఒకే సిమ్ మీద కాల్, నెట్ రెండూ ఉంటే ఈ బాధ లేదు. 4జీలో మాట కూడా డేటాలాగే ఓల్ట్ పద్ధతిలో వెళుతుంది కాబట్టి మాట్లాడుతూనే మ్యాపు చూసుకోవచ్చు. పాతకాలపు 2జీ కాల్స్‌కి ఆ సౌకర్యం ఉండేది కాదు.

కుర్రాడి ఫోనుకు మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. సామ్‌సంగ్‌లో SIM manager పేజీలోనే కిందకు జరిపితే Auto data switching అని ఒక మీట కనిపిస్తుంది. ఐఫోన్‌లో దాని పేరు Allow Mobile Data Switching. ఇతర ఫోన్లలోనూ కాల్ సమయంలో డేటా అనే అర్థం వచ్చే మీట చాలావాటికి ఉంది. అది వేసి ఉంచితే సిమ్ 1లో కాల్ నడుస్తున్నంతసేపూ నెట్ కూడా తాత్కాలికంగా సిమ్ 1 మీదకు మారుతుంది, కాల్ అయ్యాక సిమ్ 2కు తిరిగి వస్తుంది.

ఇక్కడో మెలిక. సిమ్ 1లో డేటా ఉంటేనే ఈ మీట పనికొస్తుంది. 2024 డిసెంబరులో ట్రాయ్ కొత్త నిబంధన తెచ్చింది. నెట్ అక్కర్లేనివారి కోసం మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు తప్పనిసరిగా అమ్మాలని కంపెనీలకు చెప్పింది. 2025 మొదట్లో అవి మార్కెట్లోకి వచ్చాయి. పాత నంబరును బతికించుకోవడానికి ఇవి మంచివే. కానీ మన కుర్రాడు సిమ్ 1కి అలాంటి ప్యాక్ వేయించుకుంటే కాల్‌లో ఉన్నప్పుడు నెట్ మారడానికి అక్కడ డేటానే ఉండదు. అలాంటప్పుడు సిమ్ 1కి ఒక చిన్న డేటా ప్యాక్ కలిపి వేయించుకోవడమే తేలిక. రెండు మూడు నిమిషాల కాల్‌లో మ్యాపుకు ఖర్చయ్యే డేటా పెద్దగా ఉండదు. కాల్ చేసేది తనే అయితే ఇంకా సులువు, డయల్ చేసేటప్పుడు సిమ్ 2ను ఎంచుకుంటే చాలు. వచ్చే కాల్స్‌కి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అవి యాప్‌లో ఉన్న నంబరుకే వస్తాయి.

తమ ఫోన్ ఏ రకమో తెలుసుకోవాలనుకునేవారికి చిన్న పరీక్ష ఉంది. సిమ్ 1తో ఎవరికైనా కాల్ కలిపి, అది నడుస్తుండగా ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి సిమ్ 2 నంబరుకు చేయాలి. అందుబాటులో లేరనో స్విచాఫ్ అనో వినబడితే ఒకే రేడియోను పంచుకుంటున్న ఫోన్ అన్నమాట. రెండో కాల్ కూడా మోగితే అది రెండు సిమ్‌లనూ ఒకేసారి నడపగల ఖరీదైన కొత్త ఫోన్ కావచ్చు, లేదా వైఫై కాలింగ్ ఆన్‌లో ఉండి రెండో కాల్ ఇంటర్నెట్ దారిన వచ్చి ఉండొచ్చు. "నీకు చేస్తే స్విచాఫ్ వచ్చిందిరా" అన్న బంధువుల నిష్ఠూరాల్లో కొన్నింటికైనా మూలం ఇదే. ఫోన్ ఆఫ్‌లో లేదు, రెండో నంబరులో మాట్లాడుతున్నారు.

కాల్స్‌కి ఒకే సిమ్‌ను ఖాయం చేయడం మంచిదా, ప్రతిసారీ అడగమనడం మంచిదా? డయలర్ చూపించే Ask every time చాలామందికి విసుగు. ఒక నొక్కు అదనమే, నిజం. కానీ ఒక సిమ్‌లో ఆఫీసు, ఇంకోదానిలో ఇల్లు పెట్టుకున్నవారికి ఆ విసుగు భరించదగ్గదే. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేసినప్పుడు, కాల్ ఏ నంబరుకు వచ్చిందో ఆ నంబరు నుంచే వెళుతుందని అన్ని ఫోన్లలోనూ నమ్మకం లేదు. డిఫాల్ట్ సిమ్ నుంచి వెళ్లిపోవచ్చు. అప్పుడు కస్టమర్ ఫోనులో పడేది ఇంటి నంబరు. కాల్ లాగ్‌లో ప్రతి పేరు పక్కనా 1 లేదా 2 అని ఉండే చిన్న గుర్తు చూసుకోవాలి. ఎస్సెమ్మెస్ రాసే చోట పంపే బొమ్మ దగ్గర కూడా అలాంటి అంకే ఉంటుంది.

ఎస్సెమ్మెస్ ఎవరు పంపుతున్నారు ఈ రోజుల్లో అనుకోవచ్చు. యూపీఐ యాప్ పంపుతుంది. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి కొత్త ఫోనులో పెట్టుకునేటప్పుడు, ఈ ఫోనులో బ్యాంకు నంబరు నిజంగా ఉందా అని తేల్చుకోవడానికి ఆ సిమ్ నుంచి ఒక సందేశాన్ని తమంతట తామే బయటికి పంపిస్తాయి. రెండు సిమ్‌లు ఉంటే ఏదని అడుగుతాయి. అక్కడ నెట్ ఉన్న సిమ్‌ను ఎంచుకుని "వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ఎంచుకోవలసింది బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్‌ను. దానిలో ఎస్సెమ్మెస్ పంపే వీలు కూడా ఉండాలి. ప్యాక్ గడువు తీరిన సిమ్‌కి ఇంకొన్నాళ్లు ఓటీపీలు వస్తున్నా బయటికి మెసేజ్ వెళ్లదు. ఓటీపీ వస్తోంది కదా, యూపీఐ ఎందుకు కుదరదని తలపట్టుకునేది ఇక్కడే.

ఒక్కసారి నమోదు అయ్యాక డబ్బు పంపడానికి ఏ సిమ్ నెట్ అయినా ఒకటే, వైఫై అయినా ఒకటే. వాట్సాప్ కూడా అంతే. బ్యాంకు సిమ్‌లో డేటా ఉండాలనుకుని దానికి పెద్ద ప్యాకులు వేయించడం దండగ.

ఆ సిమ్‌ను అసలు తాకకుండా వదిలేయడం మాత్రం ప్రమాదం. కాల్స్, నెట్ రెండూ ఒకే సిమ్‌కి ఖాయం చేసుకున్నవారికి రెండోది నెలల తరబడి వాడకంలోకి రాదు. కాల్ గానీ ఎస్సెమ్మెస్ గానీ డేటా గానీ లేకుండా 90 రోజులు గడిస్తే ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయవచ్చని ట్రాయ్ నిబంధన. రద్దయిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళుతుంది. అప్పుడు ఆ నంబరుకు వచ్చే ఓటీపీలన్నీ వాళ్లవే. అప్పుడప్పుడూ డయల్ చేసేటప్పుడు కావాలని ఆ సిమ్‌ను ఎంచుకుని ఒక కాల్ చేస్తే సరిపోతుంది, ప్యాక్ గడువు మాత్రం దాటనివ్వకూడదు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయికి, మస్కట్‌కి పనికి వెళ్లేవారికి ఈ ఎంపికల విలువ రూపాయల్లోనే తెలుస్తుంది. అక్కడ దిగాక స్థానిక సిమ్ కొంటారు, ఇండియా సిమ్ ఓటీపీల కోసం ఉంచుకుంటారు. దానిలో అంతర్జాతీయ రోమింగ్ ఆన్‌లో ఉంటే మెసేజీలు అందుతాయి, అందుకోవడానికి సాధారణంగా ఛార్జీ ఉండదు. కాల్స్, నెట్ రెండిటికీ స్థానిక సిమ్‌ను పెట్టి, ఇండియా సిమ్‌కి Data roaming ఆపేయాలి. డెలివరీ కుర్రాడికి మేలు చేసిన Auto data switching ఇక్కడ ఆఫ్‌లో ఉండటమే క్షేమం. లేకపోతే స్థానిక సిగ్నల్ బలహీనపడినప్పుడు నెట్ ఇండియా సిమ్ మీదకు దూకే అవకాశం ఉంటుంది, డేటా రోమింగ్ కూడా తెరిచి ఉంటే బిల్లు రోమింగ్ రేటులో పడుతుంది. రోమింగ్‌లో ఇండియా నంబరుకు వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు పోతుంది. కొత్త ఫోన్ కొనుక్కుని వెళుతున్నవారు యూపీఐ నమోదు విమానం ఎక్కకముందే ముగించుకోవాలి. ఆ ఒక్క ఎస్సెమ్మెస్ పరాయి దేశం నుంచి పంపితే రోమింగ్ ధర పడుతుంది, కొన్నిసార్లు అసలు బయటికే వెళ్లదు.