బ్రౌనీని ఎప్పుడు దించాలి?

ఎనిమిది అంగుళాల చదరపు అల్యూమినియం ట్రేలో, 175 డిగ్రీల వేడిలో బ్రౌనీ సుమారు 25 నిమిషాల్లో తయారవుతుంది. ఇరవై దాటాక మాత్రం గడియారాన్ని కాదు, ట్రేని చూడాలి.

వేడి ముందు లోహపు అంచులకు తగులుతుంది. అక్కడి గుడ్డు గట్టిపడి, పిండి తడిని పీల్చుకుని బిగుస్తుంది. మధ్యభాగం అప్పటికి ఇంకా మెత్తగానే ఉంటుంది. ట్రేని కాస్త కదిపితే అంచు కదలకూడదు, నడుమ కొద్దిగా వణకాలి. అప్పుడు అంచుకూ మధ్యకూ నడుమ టూత్‌పిక్ గుచ్చండి. పచ్చి పిండి జారుతుంటే మూడు నిమిషాలు ఆగండి. తడి పలుకులు నాలుగైదు అంటుకుంటే వెంటనే దించేయండి. పుల్ల శుభ్రంగా వచ్చిందంటే ఆలస్యమైనట్టే. అది కేకుకు పనికొచ్చే పరీక్ష. చాక్లెట్ ముక్క కరిగి పుల్లకు అంటితే మాత్రం మోసపోకండి, మరోచోట గుచ్చండి.

దించాక కూడా ట్రే వేడికి లోపల కాసేపు ఉడుకుతూనే ఉంటుంది. గాజు ట్రే అయితే ఇంకా ఎక్కువసేపు. అందుకే రెండు మూడు నిమిషాలు ఆలస్యమైతే గుడ్డు మరీ బిగిసి, తడి ఆవిరై, బ్రౌనీ పొడిబారుతుంది. సమయానికి దించినది మొదట పచ్చిగా ఉన్నట్టే అనిపిస్తుంది. చల్లారేకొద్దీ వెన్న, చాక్లెట్‌లోని కొవ్వు గడ్డకట్టి, ముద్దగా, చిక్కగా కుదురుకుంటుంది. కనీసం గంటైనా ఆగి కోయండి.