కాకిబంగారం పుట్టిన కథ

సైదాపురం పరిసరాల్లో పాత అభ్రకం గనుల పక్కన తవ్విపోసిన రాళ్ల దిబ్బలుంటాయి. అక్కడ దొరికిన ఓ తళతళలాడే రాయిని ఆరో తరగతి పాప ఒకతి బడికి పట్టుకెళ్లింది.

“బంగారమా, టీచర్?”

“కాదమ్మా, కాకిబంగారం. చూడు,” అంటూ టీచరమ్మ గుండుసూది మొనతో మెరుపు అంచును మీటింది. కాగితం కంటే పల్చటి రేకు ఊడొచ్చింది. వంచి వదిలితే మళ్లీ తిన్నగా అయింది. బంగారమైతే పొరలుగా ఊడదు, వంచితే వంగినట్టే ఉంటుంది.

“ఇది రాయిలోకి ఎలా వచ్చింది?”

“బయటి నుంచి రాలేదు, రాయితోపాటే పుట్టింది. వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట నేల లోతుల్లో కరిగిన రాతిద్రవం మెల్లగా చల్లబడి గట్టిపడింది. చివరికి మిగిలిన ద్రవంలో నీటి పాలు ఎక్కువ. అది చుట్టుపక్కల రాళ్ల పగుళ్లలోకి దూరింది. నీరుండటంతో అణువులు సులువుగా కదిలి, ఒకచోట చేరి పెద్ద స్ఫటికాలయ్యాయి. ఇదిగో, ఈ మసక తెలుపుది పలుగురాయి, ఈ పాలరంగుది ఫెల్డ్‌స్పార్, మెరిసేది అభ్రకం.”

“మరి అదొక్కటే పొరలుగా ఎందుకు ఊడుతుంది?”

“దాంట్లో సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ గట్టిగా అల్లుకుని పలకలుగా ఉంటాయి. పలకకీ పలకకీ మధ్య పొటాషియం ఉంటుంది. అక్కడ పట్టు తక్కువ కాబట్టి అక్కడే విడిపోతుంది. అలా విడిన నున్నటి ముఖం మీద వెలుగు పడి తిరిగొస్తేనే ఆ మెరుపు.”

పాప రాయిని తిప్పి చూసింది. ఒక రేకు మెరుపు ఆరి, పక్కది వెలిగింది. రాయిలో రేకులు ఒక్కోటి ఒక్కో వైపు తిరిగి ఉండటమే అందుకు కారణం.